బోల్టుకు బెజ్జం ఎంత, మోటారుకు జరుగుబాటు ఎంత

ఏ వెల్డింగ్ షాపులో అడిగినా బోల్టు బెజ్జానికి ఒకటే లెక్క చెబుతారు: బోల్టు కంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ కొట్టు. పది బోల్టుకు పదకొండు, ఆరు బోల్టుకు ఏడు, ఇరవై బోల్టుకు ఇరవై ఒకటి. గుర్తు పెట్టుకోవడానికి సులువే. కానీ ఈ మూడింటిలో ఒకటి వదులు, ఒకటి మధ్యస్థం, ఒకటి బిగుతు. ఒకే మాటతో మూడు రకాల పని చేస్తున్నామన్నది చేసేవారికే తెలియదు. ఆరు బోల్టు బెజ్జంలో ఆడుతుంది. ఇరవై బోల్టును సుత్తితో దించాల్సి వస్తుంది. చివరికి తప్పు బోల్టు మీదకో, పనివాడి మీదకో పోతుంది.

ఈ లెక్కకు ప్రపంచమంతా వాడే ప్రమాణం ఒకటి ఉంది. అంతర్జాతీయంగా దాని పేరు ఐఎస్ఓ 273, మన దేశంలో ఐఎస్ 1821. అందులో ప్రతి బోల్టుకూ మూడు బెజ్జాలు ఇస్తారు: ఫైన్, మీడియం, కోర్స్. పది మిల్లీమీటర్ల బోల్టుకు, అంటే ఎం10కు, ఫైన్ అయితే 10.5, మీడియం అయితే 11, కోర్స్ అయితే 12 మి.మీ. ఎం6కు ఇవి 6.4, 6.6, 7. ఎం20కి 21, 22, 24. ఇప్పుడు ‘ఒక మిల్లీమీటరు ఎక్కువ’ లెక్కను పక్కన పెట్టి చూడండి. ఎం6కు అది కోర్స్, ఎం10కు మీడియం, ఎం20కి ఫైన్. బోల్టు లావయ్యే కొద్దీ బెజ్జంలో ఖాళీ కూడా పెరగాలి. పెద్ద బోల్టులు పెద్ద ముక్కలను కలుపుతాయి. ముక్క పెద్దదైన కొద్దీ కొలతలో తేడా కూడా పెద్దదవుతుంది.

మరి మూడింటిలో ఏది ఎంచుకోవాలి? బెజ్జాన్ని పొడవుగా సాగదీసి స్లాట్ చేయాల్సి వస్తే ఎంత పొడవు? ఈ రెండు ప్రశ్నలూ ఒకేచోట ఎదురయ్యే వస్తువు మన ఊళ్లలో అందరూ చూసిందే: పిండి మర. మరను తిప్పే మోటారు ఒక ఇనుప బేస్ మీద నాలుగు బోల్టులతో కూర్చుంటుంది. బెల్టు వదులైనప్పుడు దాన్ని వెనక్కి జరపాలి. ఆ బేస్‌ను మొదటి నుంచి చివరి దాకా లెక్క కట్టి చూద్దాం.

ఖాళీ ఎవరి కోసం?

బెజ్జంలో వదిలే ఖాళీ బోల్టు సుఖంగా దూరడానికని చాలామంది అనుకుంటారు. ఒకే బోల్టు, ఒకే బెజ్జం అయితే 10.1 మి.మీ. చాలు. చిక్కంతా రెండో బోల్టుతో మొదలవుతుంది. పై ముక్కలో రెండు బెజ్జాల మధ్య దూరం 140 మి.మీ. ఉండి, కింది ముక్కలో 141 ఉంటే, మొదటి బోల్టు దిగాక రెండోది దిగదు. ఆ తేడాను మింగడానికే ఖాళీ. అంటే బెజ్జం సైజు నిర్ణయించేది బోల్టు ఒక్కటే కాదు, బెజ్జాలను ఎంత కచ్చితంగా కొట్టగలమన్నది కూడా.

దీనికి లెక్క చిన్నది. రెండు ముక్కల్లోనూ 11 మి.మీ. బెజ్జాలు కొట్టి, మధ్యలో ఎం10 బోల్టు దూర్చి నట్టు బిగిస్తున్నాం అనుకోండి. బెజ్జంలో ఖాళీ 1 మి.మీ. బోల్టు నడిమధ్యన ఉంటే ప్రతి పక్కా అర మిల్లీమీటరు. కాబట్టి ప్రతి ముక్కలో ప్రతి బెజ్జం తన చోటు నుంచి అర మిల్లీమీటరు తప్పినా బోల్టులన్నీ దిగుతాయి. కోర్స్ బెజ్జం 12 అయితే ఆ వెసులుబాటు ఒక మిల్లీమీటరు. ఫైన్ 10.5 అయితే పావు మిల్లీమీటరే.

కింది ముక్కలో నట్టు లేకుండా ట్యాప్ కొట్టి బోల్టును నేరుగా బిగిస్తే సంగతి మారుతుంది. ట్యాప్ చేసిన బెజ్జంలో బోల్టు కదలదు, అక్కడ ఖాళీ సున్నా. పై బెజ్జంలో ఉన్న ఖాళీనే రెండు ముక్కల తప్పులూ పంచుకోవాలి. అంటే అదే 11 మి.మీ. బెజ్జంతో ఒక్కో ముక్కకు పావు మిల్లీమీటరే దక్కుతుంది. నట్టుతో బాగా కుదిరిన బెజ్జాలు ట్యాప్ చేసినచోట కుదరకపోవడానికి ఇదే కారణం. అక్కడ పై ముక్కకు ఒక మెట్టు వదులు బెజ్జం ఎంచుకోవాలి, లేదా పై ముక్కను అచ్చుగా పెట్టి కింది బెజ్జాలకు గుర్తు వేసుకోవాలి.

ఇప్పుడు ఎంపిక తేలికవుతుంది. స్కేలుతో గీత గీసి, సెంటర్ పంచ్ కొట్టి, చేతి డ్రిల్లింగ్ మిషన్‌తో బెజ్జం చేస్తే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా తప్పడం మామూలే. ఆ పనికి కోర్స్ సరైనది. డ్రిల్లింగ్ స్టాండు మీద పంచ్ గుర్తు చూసుకుంటూ నెమ్మదిగా కొట్టినప్పుడు, లేదా లేజర్‌తో కోసిన ప్లేటుకు మీడియం సరిపోతుంది. ఫైన్ అంటే జిగ్ పెట్టిగానీ సీఎన్‌సీ మిషన్ మీదగానీ చేసే పని. చేతి డ్రిల్లుతో 10.5 బెజ్జం ఎంచుకున్నవాడు చివర్లో గుండ్రటి ఆకురాయితో దాన్ని ఎలాగూ పెద్దది చేస్తాడు. అప్పుడు ఆ బెజ్జం ఫైనూ కాదు, గుండ్రంగానూ ఉండదు.

ఫైన్ ఎంచుకుంటే ముక్క తన చోట కచ్చితంగా కూర్చుంటుందని ఆశపడేవారు ఉన్నారు. అది జరగదు. 10.5 బెజ్జంలో కూడా పది బోల్టు అటూ ఇటూ కదులుతుంది. ముక్క ప్రతిసారీ అదే చోట కూర్చోవాలంటే డోవెల్ పిన్ను పెట్టాలి. బోల్టు పని ముక్కలను అదిమి పట్టుకోవడం. వాటికి చోటు చూపించడం దాని పని కాదు.

మోటారు కాలు చెప్పే పాఠం

మన పిండి మరకు 5 హెచ్‌పీ మోటారు, నిమిషానికి 1440 చుట్లు తిరిగేది అనుకుందాం. ఇది సాధారణంగా 112ఎం ఫ్రేములో వస్తుంది. కింది నుంచి షాఫ్టు మధ్యకు ఎత్తు 112 మి.మీ. కాళ్లలోని బెజ్జాల మధ్య దూరం షాఫ్టు వెంబడి 140, షాఫ్టుకు అడ్డంగా 190. ఏ కంపెనీ మోటారు కొన్నా ఈ కొలతలు ఇవే ఉంటాయి. కాలిన మోటారు తీసి వేరే కంపెనీది పెట్టినా బేస్ మార్చాల్సిన పని ఉండదు.

ఆ కాలిలోని బెజ్జం 12 మి.మీ., దూర్చే బోల్టు ఎం10. పైన చెప్పిన పట్టికలో ఎం10కు 12 అంటే కోర్స్. ఇది ఈ ఒక్క మోటారు సంగతి కాదు. ఎం8 బోల్టు వాడే 80, 90 ఫ్రేముల్లో కాలి బెజ్జం 10, ఎం6 వాడే 63, 71 ఫ్రేముల్లో 7. అన్నీ కోర్స్ వరసలోవే. మోటారు తయారుచేసేవారికి మిషన్లు లేక కాదు ఈ వదులు. ఆ మోటారు ఎక్కడి బేస్ మీద కూర్చుంటుందో, ఆ బేస్‌కు బెజ్జాలు ఎవరు ఎలా కొడతారో వారికి తెలియదు. అందుకే తెలియని తప్పుకు చోటు వదిలారు. ఎదుటి ముక్కను చేసేవాడు మన చేతిలో లేనప్పుడు కోర్స్ వాడాలన్న నియమం ఇక్కడ కనబడుతుంది.

కాలిలో అంత వదులు ముందే ఉంది కాబట్టి, మనం చేసే బేస్‌లో మళ్లీ అంత వదులు అవసరం లేదు. ఇది చాలామంది గమనించని సంగతి. రెండు ముక్కల ఖాళీలూ కలుస్తాయి. కాలిలో బోల్టుకు ప్రతి పక్కా 1 మి.మీ. ఉంది. బేస్‌లో స్లాట్ వెడల్పు 11 పెడితే మరో అర మిల్లీమీటరు వస్తుంది. మొత్తం ప్రతి బోల్టు దగ్గరా ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడాను భరించవచ్చు. చేతిపనికి అది చాలు. కాబట్టి స్లాట్ వెడల్పు మీడియం, 11 మి.మీ. అని ఖాయం చేద్దాం. 12 ఎందుకు వద్దో ముందు ముందు ఇంకా గట్టి కారణం కనబడుతుంది.

మోటారు ఎంత జరగాలి?

ఇక స్లాట్ పొడవు. మోటారు పుల్లీ 125 మి.మీ., మర పుల్లీ 300 మి.మీ. అనుకుందాం. మర నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది. రెండు షాఫ్టుల మధ్య దూరం 600 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. దానికి బజారులో దొరికే బి72 వి-బెల్టు సరిపోతుంది. ఆ బెల్టు లెక్కకు వచ్చే పొడవు 1872 మి.మీ. లెక్క కడితే ఈ బెల్టుతో షాఫ్టుల మధ్య దూరం 596 మి.మీ. వస్తుంది. మోటారు కొత్త బెల్టుతో నిలబడాల్సిన చోటు అదే.

ఆ చోటు నుంచి మోటారు రెండు దిక్కులా జరగాలి, రెండింటికీ కారణాలు వేరు. మర వైపు జరగాల్సింది బెల్టు ఎక్కించడానికి. వి-బెల్టు పుల్లీ గాడిలో లోతుగా కూర్చుంటుంది. దాన్ని గాడి అంచు మీంచి దాటించాలంటే మోటారును దగ్గరకు తేవాలి. అలా తేకుండా స్క్రూడ్రైవరుతో ఎగదోసి బెల్టు ఎక్కిస్తే లోపలి దారాలు తెగుతాయి. పైకి ఏమీ కనబడదు గానీ కొద్ది రోజులకే ఆ బెల్టు ఒకచోట ఉబ్బి తిరగబడుతుంది. డిజైన్ చేసేవారు దీనికి బెల్టు పొడవులో ఒకటిన్నర శాతం వదులుతారు. 1872లో అది 28 మి.మీ.

మరకు దూరంగా జరగాల్సింది బెల్టు బిగించడానికి. దీనికి బెల్టు పొడవులో మూడు శాతం వదలడం ఆనవాయితీ. మన లెక్కలో 56 మి.మీ. బెల్టు అంతా సాగిపోతుందని కాదు. కొత్త బెల్టుల పొడవులోనే కొంత తేడా ఉంటుంది. నడిచే కొద్దీ బెల్టు పక్కలు అరిగి గాడిలో ఇంకా లోపలికి దిగుతుంది. కొంత సాగుతుంది కూడా. ఇవన్నీ కలిపి ఆ 56.

కాబట్టి మొత్తం జరుగుబాటు 28, 56 కలిపి 84 మి.మీ. ఇందులో రెండు భాగాలూ సమానం కాదన్నది ముఖ్యం. స్లాట్ మధ్యలో మోటారు నిలిచేలా బేస్‌ను వెల్డింగ్ చేస్తే మర వైపు 42, అవతల 42 అవుతుంది. బెల్టు ఎక్కించడానికి కావలసినదానికంటే ఎక్కువ చోటు వృథాగా ఉంటుంది. బిగించడానికి మాత్రం 14 మి.మీ. తక్కువ పడుతుంది. బెల్టు ఇంకా బాగుండగానే మోటారు స్లాట్ చివరికి వెళ్లి ఆగుతుంది.

జరుగుబాటుకూ పొడవుకూ తేడా

84 మి.మీ. జరగాలి కాబట్టి 84 మి.మీ. స్లాట్ కోస్తే సరిపోతుందా? సరిపోదు. బోల్టు తన లావుతో సహా స్లాట్‌లో ఉంటుంది. 84 పొడవు స్లాట్‌లో పది బోల్టు ఒక చివరి నుంచి మరో చివరికి 74 మి.మీ. మాత్రమే నడుస్తుంది. స్లాట్ పొడవును చివరి గుండ్రాల మధ్య బిందువుల దూరంగా చూడటం మంచి అలవాటు. డ్రాయింగులో కూడా ఆ దూరమే రాయాలి. చేసేవాడు ముందు రెండు చివరలా 11 మి.మీ. డ్రిల్లుతో రెండు బెజ్జాలు కొట్టి, ఆ తర్వాత మధ్యలో కోస్తాడు. రెండు బెజ్జాల మధ్య దూరం అతనికి నేరుగా కావాలి. ఆ దూరానికి స్లాట్ వెడల్పు కలిపితే మొత్తం పొడవు వస్తుంది.

బోల్టుకూ స్లాట్ అంచుకూ మధ్య ఉన్న ఒక మిల్లీమీటరు ఖాళీ వల్ల నిజానికి జరుగుబాటు కాస్త ఎక్కువే ఉంటుంది. మోటారు కాలిలోని ఖాళీ కూడా ఉంది. ఈ రెంటినీ జరుగుబాటు కింద లెక్కేయకూడదు. అవి బెజ్జాల తప్పుల కోసం వదిలినవి. ఆ తప్పులు ఎంత మింగుతాయో ముందుగా తెలియదు.

జరుగుబాటుకు మరో రెండు వాటాలు కలపాలి. మొదటిది, మర షాఫ్టుకూ మోటారు బేస్‌కూ మధ్య దూరం. ఫ్రేము వెల్డింగ్ చేసేటప్పుడు అది ఎటైనా రెండు మిల్లీమీటర్లు మారవచ్చు. రెండోది, నాలుగు స్లాట్ల మధ్య తేడా. నాలుగు బోల్టులూ కలిసి నడవాలి కాబట్టి, అన్నిటికంటే ముందు ఏ స్లాట్ ముగిస్తే అక్కడే మోటారు ఆగిపోతుంది. ఒక స్లాట్ ఒక మిల్లీమీటరు ముందుకు, మరొకటి అంతే వెనక్కు పోతే మిగతావి ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. ఈ రెంటికీ కలిపి ప్రతి చివరా 3 మి.మీ. చేరుద్దాం.

ఇప్పుడు లెక్క పూర్తయింది. మర వైపు 28కి 3 కలిపితే 31. అవతలి వైపు 56కు 3 కలిపితే 59. గుండ్రాల మధ్య దూరం 90 మి.మీ. దానికి వెడల్పు 11 కలిపితే స్లాట్ మొత్తం పొడవు 101 మి.మీ. మోటారు కొత్త బెల్టుతో ఉన్నప్పుడు బోల్టు మధ్య బిందువు మర వైపు గుండ్రం మధ్య నుంచి 31 మి.మీ. దూరంలో ఉండాలి.

చివరగా ఒకటి సరిచూసుకోవాలి. మోటారు షాఫ్టుకు అడ్డంగా జరుగుతుంది. ఆ దిక్కున కాలి బెజ్జాల మధ్య దూరం 190. అంటే ఒకే గీత మీద రెండు స్లాట్లు వస్తాయి. ఒక్కోటి 101 పొడవు కాబట్టి వాటి మధ్య 89 మి.మీ. ఇనుము మిగులుతుంది. ప్లేటు బలానికి అది చాలు. చిన్న మోటారుకు పొడవైన బెల్టు పెట్టినప్పుడు ఈ మిగులు బాగా సన్నబడవచ్చు. అలాంటిచోట బేస్‌లో స్లాట్లు కోయకుండా స్లైడ్ రైళ్లు వాడటం మంచిది.

స్లాట్ మీద బోల్టు తల

స్లాట్ వెడల్పు 12 వద్దని ముందే అన్నాం. దాని అసలు కారణం బోల్టు తల కింద ఉంది. ఎం10 బోల్టు తల కింద ఆనే వలయం బయటి వ్యాసం సుమారు 14.6 మి.మీ. 11 మి.మీ. గుండ్రటి బెజ్జం మీద ఆ తల చుట్టూ ఆనుతుంది. ఆ చోటు దాదాపు 72 చదరపు మిల్లీమీటర్లు. 12 మి.మీ. గుండ్రటి బెజ్జమైతే 54. స్లాట్‌లో తలకు రెండు పక్కల మాత్రమే ఇనుము దొరుకుతుంది, ముందూ వెనకా ఖాళీ. వెడల్పు 11 అయిన స్లాట్ మీద తల ఆనే చోటు 24 చదరపు మిల్లీమీటర్లే. వెడల్పు 12 అయితే 15కు పడిపోతుంది. స్లాట్‌ను ఒక్క మిల్లీమీటరు వెడల్పు చేస్తే ఆనే చోటులో మూడో వంతుకు పైగా పోతుంది.

అంత చిన్న చోటు మీద బోల్టు బిగువంతా పడితే ఇనుము నలుగుతుంది. నలిగిన మేరకు బోల్టు వదులవుతుంది. మళ్లీ బిగిస్తే మళ్లీ నలుగుతుంది. ‘రోజూ బిగిస్తున్నా ఈ బోల్టు నిలవడం లేదు’ అని మరలవాళ్లు చెప్పే మాటకు చాలాసార్లు మూలం ఇక్కడే ఉంటుంది. దీనికి మందు వాషరు. మామూలు ఎం10 వాషరు 20 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం. అది 11 స్లాట్ మీద ఆనే చోటును 24 నుంచి దాదాపు 105కు పెంచుతుంది. కానీ 2 మి.మీ. మందం స్లాట్ మీద చాలదు. మధ్యలో కింద ఆధారం లేక వాషరు పళ్లెంలా వంగుతుంది. ప్లేటులోంచి కోసిన 5 మి.మీ. మందం ముక్కకు బెజ్జం కొట్టి స్లాట్ వైపు వేస్తే ఆ బాధ ఉండదు. మోటారు కాలి వైపు ఉన్నది గుండ్రటి బెజ్జమే కాబట్టి అక్కడ మామూలు వాషరు సరిపోతుంది.

మోటారును పట్టి ఉంచేది ఏది?

బెల్టు మోటారును ఎప్పుడూ మర వైపు లాగుతూనే ఉంటుంది. మన మోటారు పూర్తి బలంతో నడిచేటప్పుడు బెల్టుల లాగుడు షాఫ్టు మీద 80 నుంచి 100 కిలోల బరువంత ఉంటుంది. గుండ్రటి బెజ్జంలో బోల్టు వదులైనా ముక్క కొద్దిగా జరిగి అంచుకు తగిలి ఆగుతుంది. స్లాట్‌లో అలా ఆపేది ఏదీ లేదు. ఆపేదల్లా మోటారు కాలికీ బేస్‌కూ మధ్య ఒరిపిడి ఒక్కటే. ఆ ఒరిపిడి బోల్టు బిగువు నుంచి వస్తుంది.

ఒరిపిడికి ఉన్న బలం తక్కువేమీ కాదు. మామూలు రకం ఎం10 బోల్టును సరిగా బిగిస్తే సుమారు ఒక టన్ను బలంతో అదుముతుంది. నాలుగు బోల్టులకు నాలుగు టన్నులు. ఇనుము మీద ఇనుము ఒరిపిడి అందులో పదిహేను శాతం అనుకున్నా ఆరు వందల కిలోల పట్టు. లాగుడు కంటే ఆరు రెట్లు ఎక్కువ. అయినా మోటార్లు జరుగుతుంటాయి. దానికి కారణం బోల్టు సైజు కాదు. కాలి కిందా వాషరు కిందా మందంగా పూసిన రంగు, గ్యాస్ కటింగ్‌తో కోసి గ్రైండింగ్ చేయకుండా వదిలిన గరుకు అంచులు, వంగిన వాషర్లు ఈ బిగువును తినేస్తాయి. అదిమిన రంగు రోజులు గడిచే కొద్దీ పలచబడుతుంది. ఆ పలచబడ్డ మేర బోల్టు వదులవుతుంది. స్లాట్ అంచులు గ్రైండ్ చేసి, ఆనే చోట రంగు గీకేసి, ఒకటి రెండు రోజులు నడిచాక మళ్లీ ఒకసారి బిగిస్తే ఈ జబ్బు చాలా వరకు పోతుంది. మర వైపు నుంచి తోసే జాక్ బోల్టులు రెండు పెట్టుకుంటే బెల్టు బిగించడం తేలిక. అయితే ఆ తర్వాత నాలుగు బోల్టులూ బిగించాల్సిందే, జాక్ బోల్టులు వాటి పని చేయవు.

మోటారు జరుగుతోందో లేదో కంటితో పట్టుకోవచ్చు. వాషరు పక్కన బేస్ మీద మెరిసే గీత కనబడితే అది జారిన దారి. కాలి అంచున ఎర్రటి సన్నని పొడి కనబడితే రెండు ఇనుములూ లోపల రాసుకుంటున్నాయి. మర మొదలుపెట్టగానే బెల్టు కీచుమంటే మోటారు కాస్త ముందుకు వచ్చిందేమో చూడాలి. బెల్టు ఎక్కించిన రోజే వాషరు చుట్టూ సుద్దతోగానీ మార్కరుతోగానీ గీత గీసి ఉంచితే అనుమానం ఒక్క చూపులో తీరుతుంది.

వంకర పెట్టేది కూడా ఖాళీనే

స్లాట్ వెడల్పులో ఉన్న ఖాళీ మోటారును పక్కకు తిప్పుతుంది కూడా. మన లెక్కలో ప్రతి బోల్టు దగ్గరా అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర మిల్లీమీటర్ల కదలిక ఉంది. ముందు బోల్టులు ఒక పక్కకూ, వెనక బోల్టులు మరో పక్కకూ పోతే 190 మి.మీ. దూరంలో 3 మి.మీ. తేడా వస్తుంది. కోణంలో అది దాదాపు 0.9 డిగ్రీలు. బెల్టు మర పుల్లీ దాకా వెళ్లేసరికి 9 మి.మీ. పక్కకు పోయినట్టు. వి-బెల్టుకు అర డిగ్రీ మించితే ఒక పక్క త్వరగా అరుగుతుంది. స్లాట్ 12 పెడితే ఈ వంకర 1.2 డిగ్రీలు. సరే, బిగుతుగా 10.5 పెడదామంటే అప్పుడూ 0.75 వస్తుంది. కాలిలో ఉన్న ఖాళీ అంతా మిగిలే ఉంటుంది కదా.

కాబట్టి బెజ్జాన్ని ఎంత బిగుతు చేసినా మోటారు దానంతట అది సూటిగా నిలవదు. సూటి చేయాల్సింది దారంతో. మర పుల్లీ ముఖం మీద రెండు చోట్ల తగిలేలా దారం లాగి పట్టి, అది మోటారు పుల్లీ ముఖాన్ని కూడా రెండు చోట్ల తాకుతోందో చూడాలి. పుల్లీ ముఖాల మందం సమానంగా లేకపోతే ఆ తేడాను కొలిచి లెక్కలో పెట్టుకోవాలి. తాకకపోతే జాక్ బోల్టుల్లో ఒకదాన్ని కాస్త తిప్పి సరిచేయాలి. ఆ తర్వాతే మూలకు మూల ఎదురుగా, ఒకదాని తర్వాత ఒకటి బోల్టులు బిగించాలి. ఒక పక్కవి ముందు బిగిస్తే బిగింపే మోటారును తిప్పేస్తుంది. బెల్టు బిగించిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

రెండు జాగ్రత్తలు

ఈ లెక్క యంత్రాల బేస్‌లకు సంబంధించినది. షెడ్లు, దూలాలు, స్తంభాల వంటి ఇనుప కట్టడాలకు మన దేశంలో ఐఎస్ 800 నియమాలు వేరుగా ఉన్నాయి. అక్కడ 16 బోల్టుకు మామూలు బెజ్జం 18 మి.మీ. పెద్ద బెజ్జాలు, పొడవు స్లాట్లు పెడితే ఆ జాయింటు బలం లెక్కే మారుతుంది. అది స్ట్రక్చరల్ ఇంజినీరు చేయాల్సిన పని. మోటారు బేస్ లెక్కను తీసుకెళ్లి షెడ్డు దూలానికి వాడకూడదు.

రెండోది, స్లాట్ చివరికి మోటారు వచ్చేసిందంటే అది స్లాట్‌ను ఇంకా పొడవు కోయమని చెప్పడం కాదు. మూడు శాతం జరుగుబాటు అయిపోయిందంటే బెల్టుల కాలం తీరింది. రెండు బెల్టులు ఉన్నచోట రెంటినీ ఒకేసారి, ఒకే కంపెనీవి మార్చాలి. పాత బెల్టు పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదే మోస్తుంది.

బేస్ కోయించే ముందు కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి: ఎదుటి ముక్కలో ఇప్పటికే ఉన్న బెజ్జం సైజు, మోటారు ఎటువైపు ఎంత జరగాలి, మన చేతిపనిలో వచ్చే తప్పు ఎంత. మొదటిదీ మూడోదీ చూస్తే ఫైన్, మీడియం, కోర్స్‌లలో ఏది కావాలో తేలుతుంది. రెండోదానికి చేతిపని తప్పునూ స్లాట్ వెడల్పునూ కలిపితే పొడవు వస్తుంది. ఈ మూడు అంకెలు రాయకుండా డ్రిల్లు పట్టుకోకండి.